లెడ్జర్‌లో జమ కనబడిన డబ్బు చేతికి ఎప్పుడు వస్తుంది?

ప్రశ్న: “శుక్రవారం షేర్లు అమ్మాను. లెడ్జర్‌లో డబ్బు జమ అయినట్టే ఉంది, విత్‌డ్రా చేద్దామంటే మాత్రం సున్నా చూపిస్తోంది. బ్యాంకులోకి ఎప్పుడు వస్తుంది?”

మధ్యలో ఏ సెలవూ లేకపోతే మీ అమ్మకం సోమవారం సెటిల్ అవుతుంది. ఆ రోజు సాయంత్రానికో, మంగళవారం ఉదయానికో విత్‌డ్రాకు వీలవుతుంది. రిక్వెస్టు పెట్టిన తరువాత మీ బ్రోకరు పంపే వేళను బట్టి అదే రోజో, మరుసటి పనిదినమో బ్యాంకులో పడుతుంది. అయితే “సెలవు” అన్న మాట దగ్గరే చాలామంది లెక్క తప్పుతున్నది. మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబితే అది సులువుగా అర్థమవుతుంది.

2025లో ఉగాది మార్చి 30న, ఆదివారం నాడు వచ్చింది. మా పెదనాన్నగారు పండుగ తరువాత ఒక స్థలానికి బయానా ఇవ్వవలసి ఉండి, ముందు శుక్రవారం, అంటే 28న, తన దగ్గరున్న ఒక కంపెనీ షేర్లు 200, ఒక్కొక్కటి ₹1,250 చొప్పున అమ్మారు. రెండున్నర లక్షల అమ్మకంలో సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ టాక్స్ 0.1 శాతం, అంటే ₹250 పోయింది. బ్రోకరేజీ, ఎక్స్ఛేంజి చార్జీలు, వాటి మీద జీఎస్టీ అన్నీ కలిపి మరో ₹32.66 అయింది. ఆ రాత్రి బిల్లు పోస్ట్ కాగానే లెడ్జర్‌లో ₹2,49,717.34 జమ వైపు కనబడింది. అంతకుముందే ఖాతాలో ₹3,400 ఉండడం వల్ల చివరి గడిలో నిల్వ ₹2,53,117.34కి చేరింది. శనివారం ఉదయం విత్‌డ్రా పేజీ తెరిస్తే అందులో ఉన్నది మాత్రం పాత ₹3,400 మాత్రమే. “డబ్బు వచ్చిందని వాళ్లే రాశారు, ఇవ్వమంటే లేదంటున్నారేమిట్రా?” అని ఆయన నాకు ఫోన్ చేశారు.

వాళ్లు రాసినది డబ్బు వచ్చిందని కాదు. మన లెడ్జర్‌లో జమ వైపు ఒక మొత్తం ఉందంటే బ్రోకరు మనకు అంత బాకీ ఉన్నాడని అర్థం. అమ్మకం జరిగిన రోజునే బాకీ పుడుతుంది కనుక బిల్లు ఆ తేదీతోనే రాస్తారు. కానీ కొన్నవారి డబ్బు క్లియరింగ్ కార్పొరేషన్‌కు చేరి, అక్కడినుంచి మన బ్రోకరుకు పే-అవుట్‌గా వచ్చేది సెటిల్‌మెంట్ రోజున. అంతవరకు ఆ జమకు ఎదురుగా బ్రోకరు చేతిలో నగదు లేదు. మరొక క్లయింటు సొమ్ము తీసి మనకు సర్దడాన్ని సెబీ నిబంధనలు ఒప్పుకోవు. కనుక లెడ్జర్ నిల్వ, విత్‌డ్రా చేయదగిన నిల్వ రెండూ సరైనవే. ఒకటి బాకీని చెబుతుంది, రెండవది చేతిలో ఉన్న నగదును చెబుతుంది.

ఇంతవరకు ఆయనకు నచ్చజెప్పగలిగాను. కష్టం సోమవారం నుంచి మొదలైంది. మార్చి 31 రంజాన్, మార్కెటుకు సెలవు. మంగళవారం, ఏప్రిల్ 1న, మార్కెటు మామూలుగా తెరిచారు, షేర్ల ధరలు కదులుతున్నాయి. సెలవు అయిపోయింది కనుక ఈ రోజు సొమ్ము విడుదల కావాలని పెదనాన్నగారు గట్టిగా వాదించారు. వాదన సబబుగానే ఉన్నా, ఏప్రిల్ 1న బ్యాంకులు వార్షిక ఖాతాల ముగింపు కోసం సేవలు ఆపుతాయి. ట్రేడింగ్ జరుగుతుంది కానీ నిధులు కదలవు. దీన్నే సెటిల్‌మెంట్ సెలవు అంటారు. అందువల్ల శుక్రవారం అమ్మకం, మంగళవారం జరిగిన అమ్మకాలు రెండూ బుధవారం, ఏప్రిల్ 2నే సెటిల్ అయ్యాయి. అంటే సెటిల్‌మెంటుకు అమ్మిన రోజు మీద మరొక రోజు అని చెప్పే టీ ప్లస్ వన్ పద్ధతిలో ఆ ఒకటి సెటిల్‌మెంట్ జరిగే రోజు, మార్కెటు తెరిచిన రోజు కాదు. 2023 జనవరి 27 నుంచి షేర్లన్నీ ఈ పద్ధతిలోకి వచ్చినా, ఈ తేడాను పెదనాన్నగారి యాప్‌లో ఎక్కడా స్పష్టంగా చెప్పలేదు.

ఆ బ్రోకరు హెల్ప్‌లైన్‌లో ప్రతిసారీ “ఇరవైనాలుగు నుంచి నలభైఎనిమిది గంటలు” అన్న సమాధానమే వచ్చింది. సెటిల్‌మెంట్‌ను గంటల్లో చెప్పడమే తప్పు. పెద్దవయసు వ్యక్తి ఆ మాట నమ్మి ఎదుటివారికి ఫలానా రోజు బయానా ఇస్తానని మాట ఇస్తారు. తేదీ చెప్పడానికి వారికి కష్టమేమీ లేదు. అమ్మిన రోజు మెయిలుకు వచ్చే కాంట్రాక్ట్ నోట్‌లోనే సెటిల్‌మెంట్ నంబరు, సెటిల్‌మెంట్ తేదీ ఉంటాయి. మా పెదనాన్నగారి నోట్‌లో అది ఏప్రిల్ 2 అని శుక్రవారమే అచ్చయి ఉంది. అదే తేదీని లెడ్జర్‌లో బిల్లు పద్దు పక్కన మరొక గడిలో చూపిస్తే, ఈ విషయంపై వచ్చే ఫిర్యాదుల్లో సగానికి పైగా అక్కడే ఆగిపోతాయని నా నిశ్చితాభిప్రాయం.

బుధవారం సాయంత్రం విత్‌డ్రా నిల్వ ₹2,53,102 అయింది. లెడ్జర్ మొత్తంకన్నా ₹15.34 తక్కువ ఎందుకని ఆయన మళ్లీ అడిగారు. అది డీమ్యాట్ ఖాతా నుంచి షేర్లు బయటికి పోయినందుకు వేసే డీపీ చార్జీ. బిల్లులో కలవకుండా విడిగా, ఆలస్యంగా పోస్ట్ అవుతుంది కనుక మొదటి రోజు లెడ్జర్‌లో కనబడదు. వెంటనే రిక్వెస్టు పెట్టించాను, గురువారం బ్యాంకులో సొమ్ము పడింది. ఈ జాప్యం చూసి లాభం కొత్త ఆర్థిక సంవత్సరంలోకి పోయిందని ఆయన కొంతసేపు అనుకున్నారు కానీ, పన్నుకు లెక్క అమ్మిన తేదీయే కనుక అది పాత సంవత్సరంలోనే ఉండిపోయింది.

మీ విషయంలో ఇంకొకటి చూసుకోండి. సెటిల్ కాని ఆ సొమ్ముతో మీరు ఈలోగా వేరే షేర్లు కొన్నారా? కొనడానికి బ్రోకర్లు ఒప్పుకుంటారు, ఎందుకంటే శుక్రవారం అమ్మి శుక్రవారమే కొంటే రెండు బాకీలూ ఒకే రోజున చెల్లుకు చెల్లవుతాయి. కానీ కొన్న మేరకు విత్‌డ్రా నిల్వ తగ్గుతుంది. సోమవారం తరువాత కూడా మీరు అనుకున్న మొత్తం కనబడకపోతే, బ్రోకరును నిలదీసే ముందు లెడ్జర్‌లో ఖర్చు వైపు కొత్త కొనుగోలు బిల్లు ఉందేమో వెతకండి.

రిక్వెస్టు పెట్టాక లెడ్జర్‌లో అదే మొత్తం ఖర్చు వైపు పడి నిల్వ సున్నాకు వస్తుంది. డబ్బు బ్యాంకుకు చేరకముందే ఇలా కనబడవచ్చు, దానికి కంగారు పడనవసరం లేదు. మరుసటి పనిదినం సాయంత్రానికి కూడా బ్యాంకులో పడకపోతే, ఆ చెల్లింపును గుర్తించే యూటీఆర్ నంబరును బ్రోకరు దగ్గర అడిగి తీసుకుని, ట్రేడింగ్ ఖాతాకు జతచేసిన బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్‌లో దాన్నే వెతకండి. మీరు రోజూ వాడే ఖాతా అది కాకపోవచ్చు.