p విలువ 0.064 అంటే ఏమిటి?

"టీ టెస్ట్‌లో p = 0.064 వచ్చింది. శూన్య పరికల్పన నిజమయ్యే అవకాశం 6.4 శాతమేనా?"

కాదు, శూన్య పరికల్పన, అంటే అసలు తేడా ఏమీ లేదన్న ఊహ, నిజమేనని అనుకుంటే, మనకు వచ్చినంత లేదా అంతకు మించిన తేడా యాదృచ్ఛికంగా కనిపించే సంభావ్యత అది. పరికల్పన నిజమని ముందే అనుకుని చేసే లెక్క కాబట్టి, అది నిజమయ్యే అవకాశం ఎంతో దాని నుంచి తేలదు.

చెన్నైలో కొన్న 16 అరలీటరు పాల ప్యాకెట్ల సగటు 496 మి.లీ., ప్రామాణిక విచలనం 8 మి.లీ. అనుకుందాం. అసలు సగటు 500 మి.లీ. అన్నది ఇక్కడ శూన్య పరికల్పన. ప్రామాణిక దోషం 8/√16 = 2 కనుక t = (496 − 500)/2 = −2 అవుతుంది; డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 15 కాబట్టి రెండువైపుల p సుమారు 0.064. అంటే అసలు సగటు సరిగ్గా 500 అయినా, ఇలాంటి నమూనాలు వంద తీస్తే దాదాపు ఆరింటిలో t విలువ ఏదో ఒక వైపు 2ను చేరుతుంది లేదా దాటుతుంది.

0.05 స్థాయిలో శూన్య పరికల్పనను తిరస్కరించలేము. అయితే చాలామంది ఇక్కడే "సగటు 500 అని రుజువైంది" అని రాసేస్తారు, అదీ పొరపాటే. 95 శాతం విశ్వాస అంతరం సుమారు 491.7 నుంచి 500.3 వరకు ఉంది కాబట్టి, సగటు 493 అన్నా ఈ దత్తాంశం కాదనదు. ఒకవైపు పరీక్షలో p 0.032కు తగ్గే మాట నిజమే కానీ, ఆ ఎంపిక దత్తాంశం చూడకముందే జరగాలి.