టాలీనా, క్లౌడా? ముందు పర్చేజ్ బిల్లు సంగతి చూడండి

ప్రశ్న: సార్, నేను బీకాం ఫైనల్ ఇయర్. నాన్నకు విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు, ఎనికేపాడులో చిన్న గోడౌన్ ఉన్నాయి. టాలీ వాడతాం. అకౌంటెంట్ నెలాఖరులో వచ్చి కొనుగోళ్లు ఎక్కిస్తారు. స్టాకు ఎప్పుడూ కలవదు, జీఎస్టీ రిటర్న్ అంటేనే టెన్షన్. క్లౌడ్ అకౌంటింగ్‌కు మారమంటారా? ఉద్యోగానికి నేను ఏది నేర్చుకోవాలి?

జవాబు: ఇప్పుడే మారొద్దమ్మా. మీ ఇబ్బందికి కారణం టాలీ కాదు, కొనుగోళ్లు నెలాఖరు దాకా ఎక్కకపోవడం. క్లౌడ్‌కు మారినా బిల్లు సొరుగులోనే ఉంటే స్టాకు అక్కడా కలవదు.

ఒక్క ఐటమ్ తీసుకుని చూడండి. జులై 1న బ్రేక్ ప్యాడ్లు 10 సెట్లు ఉన్నాయనుకుందాం. 5న మరో 40 సెట్లు వచ్చాయి, సెట్టు 1,500 చొప్పున 60,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీ 10,800. బిల్లు సొరుగులోకి వెళ్లింది. 20వ తేదీకల్లా కౌంటర్‌లో 30 సెట్లు అమ్మారు. షాపులో 20 సెట్లు కళ్లెదురుగా ఉన్నా టాలీ మైనస్ 20 చూపిస్తుంది. మైనస్ స్టాకు హెచ్చరిక పెట్టుకున్నా, ఎంటర్ కొడితే బిల్లు అయిపోతుంది. ఇలా కొన్నాళ్లు నడిస్తే కౌంటర్‌లో ఎవరూ ఆ అంకెను నమ్మరు, స్టాకు కావాలంటే ర్యాకు చూడమంటారు.

ఆ బిల్లే జీఎస్టీ దగ్గరా ఇబ్బంది పెడుతుంది. నెలవారీ సప్లయర్ జులై అమ్మకాల జీఎస్టీఆర్-1ను ఆగస్టు 11లోగా వేస్తారు. 14న పోర్టల్‌లో మీ జీఎస్టీఆర్-2బి, అంటే సప్లయర్లు చూపిన మీ కొనుగోళ్ల పట్టిక, తయారవుతుంది. అందులో ఉన్న బిల్లుకే క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ మీరు కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది. మీరూ నెలవారీ ఫైలింగ్‌లో ఉంటే పన్ను కట్టే రిటర్న్ జీఎస్టీఆర్-3బి గడువు 20. అంటే సరిచూసుకోవడానికి మీకు మిగిలేది వారం కన్నా తక్కువే. ఆ వారంలోనే బిల్లులు ఎక్కించడం మొదలుపెడితే టెన్షన్ కాక ఏముంటుంది?

బిల్లు కలవలేదంటే 2బిలో సప్లయర్ జీఎస్టీ నంబరు వెతకండి. అదే మొత్తంతో బిల్లు ఉండి, ఇన్‌వాయిస్ నంబరో తేదీయో తేడాగా ఉంటే పొరపాటు ఎక్కువగా మన ఎంట్రీలోనే ఉంటుంది. పర్చేజ్ వోచర్‌లో మన వోచర్ తేదీ వేరు, సప్లయర్ ఇన్‌వాయిస్ నంబరు, తేదీ వేరు. ఆ రెండు గడులూ ఖాళీగా వదిలేయడం చాలా షాపుల్లో చూస్తాను. అసలు బిల్లే లేకపోతే సప్లయర్‌కు ఫోన్ చేసి, నెలవారీ ఫైలింగా, మూడు నెలలకోసారా అని అడగండి. టర్నోవర్ 5 కోట్ల లోపు ఉన్నవాళ్లు మూడు నెలలకోసారి వేయొచ్చు. అలాంటివాళ్లు త్రైమాసికంలో మొదటి రెండు నెలల బిల్లులను ఏ నెలకానెల చూపే ఐఎఫ్ఎఫ్ ఫారంలో పెట్టకపోతే, మీ 10,800 క్రెడిట్ ఆ త్రైమాసికం రిటర్న్ వేశాకే కనిపిస్తుంది. అప్పటిదాకా అంత పన్ను చేతి డబ్బుతో కట్టాల్సి రావచ్చు. ఈ సంగతి సరుకు కొనేముందే అడిగి పెట్టుకోవడం మేలు.

అందుకని రెండు నెలలు మీరే పని అందుకోండి. సరుకు దిగిన రోజే బిల్లు ఎక్కించండి. ఎక్కువ అమ్ముడుపోయే ఓ ఇరవై ఐటమ్‌లను వారానికోసారి ర్యాకులో లెక్కపెట్టి టాలీతో పోల్చండి. అంకెలు కలుస్తుంటే టాలీతోనే ఉండండి. మీ ఆడిటర్ కూడా టాలీ డేటానే అడుగుతుంటే మారకపోవడానికి అదొక్కటే చాలు.

అలా చేసినా ఎనికేపాడు గోడౌన్ లెక్క మాత్రమే తప్పుతుంటే, అప్పుడు క్లౌడ్ ఆలోచన సబబు. టాలీలో గోడౌన్లు వేరుగా పెట్టి సరుకు బదిలీ రాయొచ్చు, కానీ మీ కంప్యూటర్ షాపులో ఉంది, సరుకు కదిలేది గోడౌన్‌లో. జోహో బుక్స్ లాంటి దాంట్లో అయితే గోడౌన్ కుర్రాడే ఫోన్‌లో ఎక్కిస్తాడు, షాపులో వెంటనే కనిపిస్తుంది. మీ ప్లాన్‌లో రెండు చోట్ల స్టాకు వస్తుందో లేదో డబ్బు కట్టేముందే చూసుకోండి. నెట్ పోతే కౌంటర్ బిల్లింగ్ ఆగిపోతుంది కాబట్టి రెండో కనెక్షన్ తప్పదు. మారితే ఏప్రిల్ 1న, స్టాకు చేత్తో లెక్కపెట్టాకే మారండి. పాత టాలీ డేటా మాత్రం తీసేయొద్దు. జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి.

ఇక కోర్సు. మొదట టాలీయే నేర్చుకోండి. మన ఊళ్లో ట్రేడింగ్ షాపులు, ఆడిటర్ ఆఫీసులు అడిగేది అదే. అది బాగా వస్తే క్లౌడ్ ప్యాకేజీ అలవాటు కావడానికి ఎక్కువ రోజులు పట్టదు. ఫీజు కట్టేముందు ఇంట్లో టాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లో సాధన చేయండి. అది ఉచితం, కాకపోతే నెలలో 1, 2, 31 తేదీలకే వోచర్లు వేయనిస్తుంది. కోర్సులో చేరేటప్పుడు 2బితో బిల్లులు సరిచూడటం చేయించి చూపిస్తారా అని అడగండి. చేయించకపోతే ఇంకో చోట చూడండి.