డిస్కషన్‌లో కోత ఎక్కడ మొదలుపెట్టాలి

"గర్భిణుల్లో రక్తహీనతపై నా పేపర్‌లో డిస్కషన్ 1,400 పదాలు వచ్చింది. 1,000 దాటకూడదట. ఏది తీసినా విశ్లేషణ పోతుందని టెన్షన్‌గా ఉంది."

వాక్యాలు కుదించడంతో మొదలుపెట్టకండి. ముందు ప్రతి పేరా పక్కన అది చేసే పనిని ఒక్క మాటలో రాయండి: ఫలితం, పోలిక, కారణం, పరిమితి. "ఫలితం" అని వచ్చినవి చాలావరకు పట్టికలోని శాతాలే. ముఖ్యమైనదొక్కటి మొదటి పేరాలో ఉంచి మిగతావి తీసేయండి. పెద్ద కోత ఇక్కడే పడుతుంది.

తర్వాత పోలికలు. సాధారణంగా ఇలా రాస్తాం: "మొదటి అధ్యయనంలో ఐరన్ మాత్రలు మానేసినవారిలో రక్తహీనత ఎక్కువగా కనిపించింది. రెండో అధ్యయనంలోనూ మాత్రలు మానేసినవారిలో రక్తహీనత ఎక్కువగా ఉన్నట్టు తేలింది. మూడో అధ్యయనంలో మాత్రం అలాంటి తేడా ఏదీ కనిపించలేదు."

దీన్ని ఇలా కలపండి: "ఐరన్ మాత్రలు మానేసినవారిలో రక్తహీనత ఎక్కువని రెండు అధ్యయనాలు తేల్చాయి, మూడోదానిలో తేడా లేకపోవడానికి మాత్రల వాడకాన్ని జ్ఞాపకం మీద అడగడం కారణం కావచ్చు." 23 పదాలు 18 అయ్యాయి, పైగా ముందు లేని విశ్లేషణ చేరింది. ఆ కారణం నిజమో కాదో మాత్రం మూడో అధ్యయనం పద్ధతుల భాగం చదివే రాయండి.

కారణాల పేరాల జోలికి వెళ్లకండి. పరిమితుల్లో "శాంపిల్ చిన్నది" అని వదిలేసిన వాక్యాలుంటే తీసేయండి. లోపం మీ ఫలితాన్ని ఎటు మార్చి ఉండవచ్చో చెప్పినవి ఉంచండి, రివ్యూయర్ వాటినే వెతుకుతారు.