దివాలా భాగస్తుడి లోటు: రెండు నిష్పత్తులు ఎందుకు?

ప్రశ్న: సార్, నేను బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. తర్వాత సీఏ గాని సీఎంఏ గాని చేయాలని ఉంది. భాగస్వామ్య సంస్థ రద్దులో ఒక భాగస్తుడు దివాలా తీసే లెక్క దగ్గర ఆగిపోతున్నాను. నష్టాన్ని ఒక నిష్పత్తిలో, లోటును మరో నిష్పత్తిలో పంచమంటారు. భాగస్తులు నగదు తెచ్చారని రాయమంటారు, వెంటనే తిరిగి ఇచ్చేయమంటారు. ఎందుకో తెలియక బట్టీ పట్టాను, పరీక్షలో నగదు ఖాతా కలవలేదు. ఇదే బోధపడని నేను ఈ దారి మానుకోవడం మంచిదా?

జవాబు: ఆ నిర్ణయం ఇప్పుడే వద్దు. మీరు అడిగిన రెండు ప్రశ్నలూ ఒకప్పుడు కోర్టు కూర్చుని తేల్చవలసి వచ్చినవే. వాటికి జవాబు తెలియకుండా ఈ లెక్కను బట్టీ పడితే ఎవరికైనా కలవదు. ముందు ఒక లెక్క చేద్దాం, మీ చదువు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

వాణి, రహీం, గోపి లాభనష్టాలను సమానంగా పంచుకునే భాగస్తులు. రద్దు నాటి ఆస్తి అప్పుల పట్టీలో వాణి మూలధనం 57,000 రూపాయలు, రహీంది 27,000, గోపిది 3,000. సాధారణ రిజర్వు 9,000, ఋణదాతలకు ఇవ్వవలసింది 40,000. ఆస్తుల వైపు నగదు 6,000, మిగతా ఆస్తులన్నీ కలిపి 1,30,000. ఆ ఆస్తులు అమ్మితే 78,000 మాత్రమే వచ్చింది. రద్దు ఖర్చులు 2,000. ఋణదాతలకు పూర్తిగా చెల్లించారు. గోపి దివాలా తీశాడు, అతని సొంత ఆస్తి నుంచి సంస్థకు 3,000 మాత్రమే దక్కింది.

రియలైజేషన్ ఖాతా ఇక్కడ తేలికే. డెబిట్ వైపు అమ్మవలసిన ఆస్తులు 1,30,000, ఋణదాతలకు చెల్లింపు 40,000, ఖర్చులు 2,000. క్రెడిట్ వైపు ఋణదాతల ఖాతా నుంచి వచ్చిన 40,000, అమ్మకం మీద వచ్చిన 78,000. మిగిలిన 54,000 నష్టం. దీన్ని లాభనష్టాల నిష్పత్తిలోనే పంచాలి, తలా 18,000. ఇది వ్యాపారంలో వచ్చిన నష్టం కాబట్టి ఇందులో గోపికీ వాటా ఉంది. అతని దగ్గర డబ్బు లేదని అతని వాటాను మొదటే మిగతా ఇద్దరి మీద వేసేవాళ్లున్నారు. అలా చేస్తే అసలు లోటెంతో ఎప్పటికీ తెలియదు.

రిజర్వులో తలా 3,000 మూలధన ఖాతాలకు చేరాక వాణికి 60,000, రహీంకు 30,000, గోపికి 6,000 అవుతాయి. గోపి ఖాతాలో 18,000 నష్టం డెబిట్ చేస్తే 12,000 డెబిట్ నిల్వ తేలుతుంది. అతని నుంచి వచ్చిన 3,000 పోను 9,000 లోటు. ఈ 9,000 వ్యాపారంలో వచ్చిన నష్టం కాదు. ఆ నష్టాన్ని ఇప్పటికే ముగ్గురికీ పంచేశాం. గోపి తన వాటా కట్టలేకపోవడం వల్ల సంస్థకు రాకుండా పోయిన బాకీ ఇది. ఈ తేడా పట్టుబడితే రెండో నిష్పత్తి ఎందుకో దానంతట అదే తెలుస్తుంది.

గార్నర్, ముర్రే, విల్కిన్స్ అనే ముగ్గురు ఇంగ్లండు భాగస్తుల మధ్య సరిగ్గా ఈ తగాదాయే వచ్చింది. వాళ్ల మూలధనాలు వేరువేరు, లాభాలు మాత్రం సమానం. విల్కిన్స్ దివాలా తీశాడు. అతని లోటును మిగతా ఇద్దరూ సమానంగా భరించాలా, మూలధనాలను బట్టి భరించాలా అన్నది ప్రశ్న. 1904 నాటి లా రిపోర్టుల్లో అచ్చయిన ఆ తీర్పులో జస్టిస్ జాయిస్ చెప్పింది ఇది: నష్టంలో ఎవరి వాటా వాళ్లు తెచ్చి కట్టాలి, ఆ తర్వాత చేతిలో ఉన్న సొమ్మును మూలధనాల నిష్పత్తిలో పంచుకోవాలి. దివాలా తీసినవాడి వాటాను మిగతావాళ్లు తెచ్చి కట్టాలని చట్టం ఎక్కడా అనలేదు. మన 1932 భాగస్వామ్య చట్టం 48వ సెక్షన్‌లోని లెక్కల పరిష్కార క్రమం కూడా అప్పటి ఇంగ్లండు చట్టంలోని క్రమం లాంటిదే. అందుకే మన పాఠ్యాంశాల్లోనూ ఆ కేసు పేరు వినిపిస్తుంది.

జాయిస్ మాటను మన లెక్కకు పెట్టి చూడండి. వాణి, రహీం చెరో 18,000 తెస్తారు. నగదు ఖాతాలో మొదటి నిల్వ 6,000, అమ్మకం మీద 78,000, గోపి నుంచి 3,000, ఈ ఇద్దరి 36,000 కలిసి 1,23,000. ఋణదాతలకూ ఖర్చులకూ 42,000 పోతే 81,000 మిగులుతుంది. నష్టం వాటా ఎవరిది వాళ్లు కట్టేశారు కాబట్టి ఇద్దరి మూలధనాలు తగ్గకుండా 60,000, 30,000గానే నిలిచాయి. అంటే సంస్థ 90,000 బాకీ పడింది, ఇవ్వడానికి ఉన్నది 81,000. రూపాయికి 90 పైసలు. వాణికి 54,000, రహీంకు 27,000. వాణి పోగొట్టుకున్నది 6,000, రహీం 3,000. లోటును 2:1లో పంచడమంటే ఇదే. సంస్థ దగ్గర ఎవరి సొమ్ము ఎంత ఉండిపోయిందో, కొరతలో వాళ్లకు అంత వాటా.

నగదు తెచ్చి తిరిగి ఇచ్చినట్టు రాయడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. వాణి 18,000 తెచ్చి 54,000 తీసుకున్నా, ఏమీ తేకుండా 36,000 తీసుకున్నా ఆమెకు మిగిలేది ఒకటే. తేడా నిష్పత్తిలో వస్తుంది. నగదు తేలేదని వదిలేసి, నష్టం తీసేశాక మిగిలిన 42,000, 12,000 నిల్వలను నిష్పత్తిగా పట్టుకుంటే లోటు 7:2లో చీలుతుంది. వాణి 7,000, రహీం 2,000 భరించాల్సి వస్తుంది. నష్టానికి ముందున్న మూలధనాలే కొలత అని గుర్తు చేయడమే ఆ పద్దు పని. సమానంగా పంచితే చెరో 4,500. మూడు జవాబుల్లోనూ నగదు ఖాతా చక్కగా కలుస్తుంది, కానీ ఈ సూత్రం ప్రకారం సరైనది ఒక్కటే. నగదు ఖాతా కలిసిందంటే లెక్క ఒప్పని చెప్పే ఉపాధ్యాయుల మాట ఈ అధ్యాయంలో పూర్తిగా నమ్మవద్దు.

రిజర్వు దగ్గర కూడా ఇలాంటి ప్రమాదమే ఉంది. ఆ 9,000ను మూలధన ఖాతాలకు బదులు రియలైజేషన్ ఖాతాకు మళ్లిస్తే నష్టం 45,000కు తగ్గుతుంది, గోపి లోటు మాత్రం అదే 9,000. కానీ నిష్పత్తి 57:27 అయిపోయి వాణి వాటా 6,107కు పెరుగుతుంది. నగదు ఖాతా ఇక్కడా కలుస్తుంది. చర మూలధన పద్ధతిలో రిజర్వులు, పంచని లాభనష్టాలు, సొంత వాడకాలు సర్దుబాటు చేసిన తర్వాత, రియలైజేషన్ నష్టం వేయకముందు ఉన్న నిల్వే నిష్పత్తికి ఆధారం. స్థిర మూలధన పద్ధతి అని ప్రశ్నలో ఉంటే ఆ సర్దుబాట్లన్నీ కరెంటు ఖాతాల్లో జరుగుతాయి, నిష్పత్తికి పట్టీలోని స్థిర మూలధనాలనే తీసుకుంటారు. అప్పుడు 57:27 సరైన నిష్పత్తే. ప్రశ్నలో ఆ ఒక్క మాట కోసం వెతికిన తర్వాతే కలం పట్టండి.

మీ నగదు ఖాతా కలవలేదంటే తప్పు ఎక్కువగా పద్దులు రాయడంలోనే ఉంటుంది. తేడా ఎంతో చూసుకోండి, ఆ అంకే చాలాసార్లు దోషిని పట్టిస్తుంది. మన లెక్కలో తేడా 9,000 వస్తే గోపి లోటును ఎవరికీ పంచలేదు. 6,000 వస్తే నగదు నిల్వను కూడా అమ్మే ఆస్తులతో కలిపి రియలైజేషన్ ఖాతాకు పంపారు. 40,000 వస్తే ఋణదాతలను క్రెడిట్ వైపు వేసి, చెల్లింపును నగదు ఖాతాలో మాత్రమే రాశారు. ఈ మూడో తప్పుకు ఇంకో గుర్తు ఉంది: నష్టం 14,000కు పడిపోయి, దివాలా తీసిన గోపి ఖాతాలో క్రెడిట్ నిల్వ తేలుతుంది. దివాలా భాగస్తుడికి సంస్థే బాకీ ఉన్నట్టు వచ్చిందంటే అక్కడే ఆగి వెనక్కి వెళ్లండి.

ఈ సూత్రం అన్నిచోట్లా వర్తించదు. లోటును ఎలా పంచుకోవాలో భాగస్తులు ముందే ఒప్పందంలో రాసుకుంటే ఒప్పందానిదే పైచేయి. నష్టానికి ముందే మూలధన ఖాతా డెబిట్‌లో ఉన్న భాగస్తుడు ఎంత ధనవంతుడైనా లోటులో వాటా మోయడు, కొలవడానికి అతనికి మూలధనమే లేదు కాబట్టి. నా దృష్టిలో ఇది ఈ సూత్రంలోని బలహీనతే. సంస్థలో ఎక్కువ పెట్టినవారి మీదే దెబ్బ పడుతుంది, ఏమీ పెట్టనివాడు తప్పించుకుంటాడు. విమర్శలున్నా, ప్రశ్నలో ఈ సూత్రం పాటించమంటే పాటించవలసిందే. అసలు ఏ పద్ధతో చెప్పకపోతే మీరు ఏది ఎంచుకున్నారో జవాబు కింద ఒక వాక్యంలో రాయండి. భాగస్తులందరూ దివాలా తీసిన లెక్క పూర్తిగా వేరు. అప్పుడు నష్టపోయేది ఋణదాతలే కాబట్టి సాధారణంగా వాళ్లను రియలైజేషన్ ఖాతాకు మళ్లించరు, లోటు ఖాతా తెరుస్తారు. దాన్ని ఇప్పుడు దీనితో కలపవద్దు.

ఇక మీ చదువు. పుస్తకం మూసి పై లెక్కను తెల్లకాగితం మీద మళ్లీ చేయండి. ఆపై అకౌంటింగ్ రాని స్నేహితుడికి, వాణి 4,500 కాకుండా 6,000 ఎందుకు పోగొట్టుకుందో నోటితో చెప్పండి. చెప్పగలిగి, పద్దుల్లో మాత్రం జారుతుంటే మీకు కావలసింది రాత సాధన. సీఏకైనా సీఎంఏకైనా అది అడ్డంకి కాదు. పద్దులు సరిగ్గా పడుతున్నా ఆ ఎందుకు మీద మీకు ఆసక్తి లేకపోతే, పరీక్షలు దాటినా పనిలో విసుగు వస్తుంది. అప్పుడు నిర్ణయం గురించి మళ్లీ మాట్లాడుకోవచ్చు.

మీ ప్రశ్నలో నాకు ఇంకొకటి కనిపించింది. మిమ్మల్ని ఆపింది లెక్క కాదు, ఎవరి నష్టం ఎవరు మోయాలన్న న్యాయం. అలాంటి విద్యార్థి కంపెనీ సెక్రటరీ కోర్సునూ, దివాలా చట్టాలనూ ఒకసారి తొంగిచూడాలి. 2016 నాటి దివాలా స్మృతి కింద ఇన్సాల్వెన్సీ ప్రొఫెషనల్‌గా పనిచేయడానికి సీఏ, సీఎస్, సీఎంఏలకు, న్యాయవాదులకు తగినంత అనుభవం తర్వాత పరీక్ష రాసి నమోదయ్యే దారి ఉంది. మూతపడిన కంపెనీ ఆస్తులు అమ్మగా వచ్చింది చాలకపోతే, ఒకే తరగతి ఋణదాతలకు ఎవరికి రావలసిన బాకీని బట్టి వాళ్లకు పంచడం ఆ పనిలో ఒక భాగం. వాణికి, రహీంకు రూపాయికి 90 పైసలు తేల్చినప్పుడు మీరు చేసిందీ అదే.