ఆర్డర్ ఒక్కసారే వెళ్తోందా? ముందు అది చూడండి

ప్రశ్న: సార్, బీబీఏ ఫైనలియర్. ఇన్వెంటరీ ప్లానర్ ఉద్యోగాల కోసం ఎక్సెల్‌లో సిమ్యులేషన్ చేశాను. మా మామయ్య మెడికల్ షాపులో ఓఆర్ఎస్ ప్యాకెట్లు రోజుకు 10 నుంచి 30 పోతాయి. స్టాక్ 60కి దిగితే 200 ఆర్డర్, నాలుగో రోజు పొద్దున సరుకు వస్తుంది. కానీ స్టాక్ ఒకసారి 700 దాటుతోంది, తర్వాత సున్నా అవుతోంది. ఈ ప్రాజెక్టు ఇంటర్వ్యూలో చూపించొచ్చా?

జవాబు: ఇప్పుడున్నట్టు చూపించొద్దు. మీ షీటు షాపులో ఉన్న ప్యాకెట్లనే లెక్కపెడుతోంది, దారిలో ఉన్నవాటిని మర్చిపోయింది. సోమవారం రాత్రి ఆర్డర్ పెట్టాక మంగళవారం కూడా స్టాక్ 60 లోపే ఉంటుంది కదా, మళ్లీ ఇంకో 200 వెళ్తుంది. అలా నాలుగు రాత్రులకు 800. మొదటి సరుకు వచ్చేదాకా ఇది ఆగదు.

B పొద్దుటి స్టాక్, C గిరాకీ, E రాత్రి మిగిలింది, F ఆర్డర్ అనుకోండి. రీఆర్డర్ పాయింట్ J1లో, ఆర్డర్ సైజు J2లో ఉంచండి. E9లో 200, F6 నుంచి F9 దాకా సున్నాలు పెట్టి పదో వరుసలో ఇవి రాసి, 374 దాకా లాగండి:

```
B10: =E9+F6
C10: =RANDBETWEEN(10,30)
E10: =B10-MIN(B10,C10)
F10: =IF(E10+SUM(F7:F9)<=$J$1,$J$2,0)
```

అసలు మందు `SUM(F7:F9)`లో ఉంది. పెట్టి ఇంకా చేతికి రాని ఆర్డర్లు అవే. సరుకు లేని రోజుల లెక్కకు `=SUMPRODUCT(--(C10:C374>B10:B374))`, సగటు స్టాక్‌కు `=AVERAGE(E10:E374)`.

ఇంకో చిక్కు. J1 మార్చిన ప్రతిసారీ గిరాకీ కూడా మారిపోతుంది, తేడా పాలసీదో అదృష్టానిదో తేలదు. C కాలమ్‌ను కాపీ చేసి పేస్ట్ వాల్యూస్ కొట్టండి, అదే గిరాకీ మీద 60, 80, 100 మూడూ పరీక్షించండి. తర్వాత కొత్త గిరాకీతో మరో పదిసార్లు.

అప్పుడు 60 దగ్గర ఏడాదికి 30 రోజుల చుట్టుపక్కల సరుకు ఉండదు. మూడు రోజుల సగటు గిరాకీ సరిగ్గా 60 కదా, మరి ఇన్ని రోజులేంటి అనిపిస్తుంది. మీరు రాత్రి చూసేసరికి స్టాక్ 60 దగ్గర ఆగి ఉండదు, సగటున 50కే దిగిపోయి ఉంటుంది. ఈ జారుడు ఎక్కువమంది పట్టించుకోరు, మీరు చెప్పగలిగితే ఇంటర్వ్యూలో అక్కడే మార్కులు. 80 పెడితే ఏడెనిమిది రోజులు, సగటు స్టాక్ 100 చుట్టూ. 100 పెడితే ఖాళీ రోజులు దాదాపు ఉండవు, సగటు స్టాక్ 120 చుట్టూ. అంటే ఆ వారం రోజుల ఇబ్బంది పోగొట్టుకోవడానికి రోజూ షెల్ఫులో ఓ 20 ప్యాకెట్లు అదనం. చౌక సరుకైతే నేనైతే 100కే వెళ్తాను.

ఒక్క జాగ్రత్త: 10–30 అంకెలు మామయ్య బిల్లు పుస్తకం నుంచి తీసుంటే, సరుకు అయిపోయిన రోజులు పక్కన పెట్టి మళ్లీ చూడండి. ఆ రోజు ఉత్త చేతులతో తిరిగి వెళ్లినవాళ్లు బిల్లుల్లో ఉండరు.