మెకానికల్ నుంచి డేటా సైన్స్: ఎస్ఓపీలో ఏం రాయాలి?

"అన్నా, మాది కడప. మెకానికల్ చదివి ఎర్రగుంట్ల దగ్గర సిమెంట్ ఫ్యాక్టరీలో రెండేళ్లు చేశా. బేరింగ్ ఫెయిల్యూర్లు ముందే పసిగట్టే మోడల్ చేస్తే 98 శాతం యాక్యురసీ వచ్చింది. డేటా సైన్స్ కోర్సు అప్లికేషన్‌తో పంపే ఎస్ఓపీలో, అంటే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో, ఫీల్డ్ మార్పు గురించి ఎలా రాయాలి?"

తమ్ముడూ, 'చిన్నప్పటి నుంచీ డేటా అంటే ఇష్టం' లాంటి లైన్ ఉంటే కొట్టెయ్, బేరింగ్‌తోనే మొదలుపెట్టు. కానీ ఆ 98 శాతం మాత్రం గొప్పగా రాయకు. వెయ్యి రీడింగుల్లో ఫెయిల్యూర్లు ఇరవయ్యే ఉన్నాయనుకో, ప్రతిదానికీ 'బాగుంది' అని చెప్పే మోడల్‌కీ 98 వస్తుంది, చదివే ప్రొఫెసర్ అక్కడే పట్టేస్తారు. ఆ ఇరవైలో ఎన్ని దొరికాయి, అంటే రీకాల్ ఎంత, ఎన్నిసార్లు ఉత్తుత్తి అలారం మోగింది, దొరకనివి ఎందుకు దొరకలేదు అన్నది రాయి. గ్రీజు అయిపోయిన బేరింగ్‌కీ, పగిలిన బేరింగ్‌కీ వైబ్రేషన్ తేడా నీకు తెలుసు, దాన్ని లెక్కలోకి తెచ్చే స్టాటిస్టిక్స్ రాదు. ఫీల్డ్ మారడానికి కారణం అదే, నేరుగా అదే రాసెయ్.