పార్సిల్ అందలేదంటూ బ్యాంకులో ఫిర్యాదు: సెక్యూరిటీ సంతకం చాలుతుందా?

ప్రశ్న: మాది బెంగళూరు చిక్‌పేటలో ధర్మవరం పట్టుచీరల షాపు. మా వెబ్‌సైట్‌లో హైదరాబాద్ కస్టమర్ ఒకావిడ జూన్ 3న క్రెడిట్ కార్డుతో రూ. 41,600 కట్టి రెండు చీరలు కొన్నారు. ఓటీపీ కొట్టే కట్టారు. 5న కొరియర్ చేశాం. 8న డెలివరీ అయింది, అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ సంతకం పెట్టాడు. 11న ఆవిడే వాట్సాప్‌లో ‘ఒక చీరకి బ్లౌజ్ పీస్ కనపడట్లేదు’ అంటే, చీరతోనే కలిసి ఉంది, కత్తిరించుకోవాలని చెప్పాం. ఇప్పుడేమో సరుకే అందలేదని బ్యాంకులో ఫిర్యాదు పెట్టారట. పేమెంట్ గేట్‌వే వాళ్లు ఆ మొత్తాన్ని మా సెటిల్‌మెంట్‌లో కోసేసి, కోడ్ 13.1, జూలై 28లోగా ఆధారాలు పంపండి అన్నారు. ఓటీపీ ఉండగా ఈ ఫిర్యాదు చెల్లుతుందా సార్? కొరియర్ రసీదు పంపితే సరిపోతుందా?
– ఒక వ్యాపారి, బెంగళూరు

జవాబు: ముందు ఓటీపీ సంగతి తేల్చేద్దాం, మీ ధైర్యమంతా దాని మీదే ఉన్నట్టుంది. 13.1 అనేది వీసా కార్డుల్లో ‘సరుకు లేదా సేవ అందలేదు’ అనే ఫిర్యాదుకు పెట్టిన నంబరు. ఆవిడ ‘నేను డబ్బు కట్టలేదు’ అనడం లేదు. ‘కట్టాను, చీరలు రాలేదు’ అంటున్నారు. ఓటీపీ రుజువు చేసేది ఆవిడ ఒప్పుకున్న మొదటి సగాన్నే. ‘నా కార్డు ఎవరో వాడేశారు’ అని 10.4 కింద ఫిర్యాదు వచ్చి ఉంటే కథ వేరు. ఓటీపీతో జరిగిన చెల్లింపు కాబట్టి నష్టం మామూలుగా కార్డు ఇచ్చిన బ్యాంకు మీదకే పోయేది. మాస్టర్‌కార్డ్‌లోనూ ఇలాంటి తేడానే ఉంది. సరుకు గురించిన తగాదాలకు 4853, కార్డు దుర్వినియోగానికి 4837. నా దగ్గరికి వచ్చే వ్యాపారుల్లో చాలామంది నోటీసులో ఆ కోడ్ చూడకుండానే చేతిలో ఉన్న కాగితాలన్నీ పంపేస్తారు. అడిగినదానికి జవాబు లేకపోతే ఎన్ని కాగితాలు పంపినా ఓడిపోతారు.

ఫిర్యాదు పెట్టుకునే హక్కు మాత్రం ఆవిడకు ఉంది. సరుకు అందాల్సిన తేదీ నుంచి సాధారణంగా 120 రోజుల దాకా కార్డుదారు ఈ తగాదా తేవచ్చు. డబ్బు కోసేశారంటే మీరు ఓడిపోయారని కాదు. ప్రస్తుతానికి ఆపి ఉంచారు, అంతే. మీ జవాబు గేట్‌వే నుంచి మీ వైపు బ్యాంకుకు, అక్కడి నుంచి వీసా ద్వారా ఆవిడ కార్డు ఇచ్చిన బ్యాంకుకు వెళ్తుంది. వీసా లాంటి కార్డు నెట్‌వర్క్ నియమాల్లో బ్యాంకులకు కొంచెం ఎక్కువ గడువే ఉంటుంది. మధ్యలో ఉన్నవాళ్లు తమ పనికి కొన్ని రోజులు తీసుకుంటారు కాబట్టి మీ దాకా వచ్చేసరికి అది వారం పది రోజులకు కుదించుకుపోతుంది. 28 అంటే 28 అనే అనుకోండి.

చట్టం కొంచెం తెలిసిన వ్యాపారులు చేసే వాదన ఇంకొకటి ఉంది. వస్తువుల విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 39 ప్రకారం, కొన్నవాళ్లకు పంపడం కోసం సరుకును రవాణాదారుకు అప్పగిస్తే అది కొన్నవాళ్లకు అప్పగించినట్టే అని ప్రాథమికంగా భావిస్తారు. ‘కొరియర్‌కి ఇచ్చాం, మా బాధ్యత అక్కడితో తీరింది’ అనడానికి ఇది ఆధారం. కోర్టులో దీనికి కొంత బలం ఉంది. కార్డుదారు బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడిగే ఈ తగాదాలో, అంటే ఛార్జ్‌బ్యాక్‌లో, మీరిచ్చే జవాబుకు ఇది పనిచేయదు. కార్డు నెట్‌వర్క్ చూసేది, ఒప్పుకున్న చిరునామాలో కార్డుదారుకో, ఆమె తరఫున తీసుకోగల మనిషికో సరుకు చేరిందా అన్నదే. బుకింగ్ రసీదు పంపితే మీరు చీరలు పంపారని తెలుస్తుంది, ఆవిడకు అందాయని తెలియదు. కాబట్టి మీ రెండో ప్రశ్నకు జవాబు: రసీదు ఒక్కటే చాలదు.

మరి ఏం కావాలి? కొరియర్ వెబ్‌సైట్‌లో ట్రాకింగ్ పేజీ తెరిచి బ్యాంకు అధికారి కళ్లతో చూడండి. ఏడబ్ల్యూబీ అనే పార్సిల్ ట్రాకింగ్ నంబరు, ‘డెలివర్డ్’ అన్న మాట, తేదీ, సమయం, ఊరి పేరు ఉంటాయి. ఫ్లాట్ నంబరు సాధారణంగా ఉండదు. అంటే హైదరాబాద్‌లో ఎక్కడో ఏదో పార్సిల్ చేరిందన్నదే తేలుతుంది. అది ఈ ఆర్డర్ పార్సిలే అనీ, ఆ చిరునామాకే చేరిందనీ మీరు ముడివేసి చూపించాలి. ఆర్డర్ చేసేటప్పుడు ఆవిడ నింపిన డెలివరీ చిరునామా, ఫోన్ నంబరు ఒక పేజీ. అదే చిరునామా, అదే ఫోన్ ఉన్న కొరియర్ లేబుల్ కాపీ, దాని మీద ఏడబ్ల్యూబీ నంబరు ఒక పేజీ. ఆ నంబరుతోనే ట్రాకింగ్ చరిత్ర, సంతకం ఉన్న పీఓడీ, అంటే డెలివరీ రుజువు పత్రం, ఇంకో పేజీ. లేబుల్ మీద మీ ఇన్‌వాయిస్ నంబరు కూడా ఉంటే మరీ మంచిది. బుకింగ్‌లో రాసిన బరువు రెండు పట్టుచీరలకు, పెట్టెకు సరిపోయేలా ఉందో లేదో కూడా చూసుకోండి. అరకిలో అని పడి ఉంటే దాని గురించి మిమ్మల్నే అడుగుతారు.

పీఓడీ మీద ‘సెక్యూరిటీ’ అని మాత్రమే ఉండటం మీ కేసులో బలహీనమైన చోటు. గేటు దగ్గర తీసుకున్నంత మాత్రాన ఆవిడ తీసుకున్నట్టు కాదని అవతలి బ్యాంకు అనొచ్చు, అందులో న్యాయం కూడా ఉంది. దీనికి కొరియర్ బ్రాంచికి ఈరోజే మెయిల్ పెట్టండి. ఆ రోజు డెలివరీ రన్ షీట్‌లో ఈ పార్సిల్ ఉన్న భాగం, డెలివరీ బాయ్ యాప్‌లో పడిన ఫోటో, లొకేషన్, డెలివరీ ఓటీపీ వాడి ఉంటే దాని నమోదు అడగండి. వాటితోపాటు లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాల ధ్రువీకరణ తీసుకోండి: ఫలానా ఏడబ్ల్యూబీ పార్సిల్‌ను జూన్ 8న ఫలానా పూర్తి చిరునామాలో గేటు దగ్గర సెక్యూరిటీ సిబ్బందికి అప్పగించాం అని. ‘కన్‌సైనీకి అప్పగించాం’ అని, అంటే ఆవిడకే ఇచ్చామని, మర్యాదకు రాసిస్తామంటే వద్దనండి. పీఓడీ ఒకటి చెప్పి, ఉత్తరం ఇంకొకటి చెబితే రెండూ పోతాయి. పాత ట్రాకింగ్ వివరాలు కొన్నాళ్లకు సైట్లో కనిపించకుండా పోతాయి కాబట్టి ఆ పేజీని ఇప్పుడే పీడీఎఫ్‌గా దాచుకోండి.

ఇంతా చేసినా, సంతకం పెట్టింది సెక్యూరిటీ అన్న చిక్కు అలాగే ఉంటుంది. దాన్ని విప్పేది మీరు మాటల్లో మాటగా చెప్పిన ఆ వాట్సాప్ మెసేజే. చీర చేతికి రానిదే అందులో బ్లౌజ్ పీస్ కనపడట్లేదని ఎవరూ అడగరు. డెలివరీ 8న, మెసేజ్ 11న. సెక్యూరిటీ దగ్గర నుంచి పార్సిల్ పైకి చేరిందని ఆవిడే చెప్పినట్టయింది. నా లెక్కలో మీ కేసులో అన్నిటికన్నా బరువైన కాగితం ఇదే, కొరియర్ కాగితాలు దీనికి పునాది.

అయితే దాన్ని పంపే పద్ధతి ఉంది. స్క్రీన్‌షాట్‌లో పైన ఆవిడ ఫోన్ నంబరు కనబడాలి. మీ ఫోన్లో ఆవిడ పేరు సేవ్ చేసుకుని ఉంటే నంబరు బదులు పేరే కనిపిస్తుంది, అప్పుడు కాంటాక్ట్ వివరాల పేజీ కూడా జోడించండి. ఆ నంబరు, ఆర్డర్‌లో నంబరు, లేబుల్ మీద నంబరు మూడూ ఒకటేనని గుర్తుపెట్టి చూపించండి. తేదీ, సమయం కనబడాలి. మెసేజ్ తెలుగులో ఉంటే పక్కనే ఇంగ్లీషు అనువాదం రాయండి. చదివే అధికారికి తెలుగు వచ్చి ఉండాలని లేదు. మీకు నచ్చిన ఒక్క వాక్యాన్ని కత్తిరించకుండా, మీరిచ్చిన జవాబుతో సహా ఆ సంభాషణంతా పెట్టండి. రేపు ఆవిడ మాట మార్చి సరుకు చెప్పినట్టు లేదని అంటే, బ్లౌజ్ పీస్ చీరతోనే ఉందన్న మీ వివరణ అప్పటికే ఫైలులో ఉంటుంది.

జవాబు ఇంగ్లీషులో ఒక పేజీ, ఆధారాలతో కలిపి ఒకే పీడీఎఫ్. లింకులు పెట్టకండి, బ్యాంకులో వాటిని తెరుస్తారని నమ్మకం లేదు. సారాంశం ఇలా ఉంటే చాలు:

‘ఈ తగాదా కోడ్ 13.1 కింద వచ్చింది. సరుకు కార్డుదారుకు అందింది. జూన్ 3 నాటి ఆర్డర్‌లో కార్డుదారు ఇచ్చిన చిరునామాకు జూన్ 5న పంపాం (పేజీ 2, 3). జూన్ 8న ఆ చిరునామాలో గేటు సెక్యూరిటీ తీసుకున్నారు (పేజీ 4, 5). జూన్ 11న, ఆర్డర్‌లో ఉన్న ఫోన్ నంబరు నుంచే కార్డుదారు చీరలోని బ్లౌజ్ పీస్ గురించి అడిగారు, అంటే సరుకు అప్పటికే ఆమె చేతిలో ఉంది (పేజీ 6, అనువాదంతో). రీఫండ్ ఏదీ ఇవ్వలేదు. రూ. 41,600 తిరిగి జమ చేయగలరు.’

ఇందులో ‘మోసగత్తె’, ‘పోలీసు కేసు’ లాంటి మాటలు వద్దు. కార్డు పూర్తి నంబరు మీ దగ్గర ఉండకూడదు, పొరపాటున ఉన్నా పంపకూడదు. గేట్‌వే డ్యాష్‌బోర్డులో సబ్మిట్ నొక్కాక మళ్లీ కాగితాలు చేర్చే వీలు చాలాచోట్ల ఉండదు. కొరియర్ ఉత్తరం 27 సాయంత్రానికి కూడా రాకపోతే మీరు అడిగిన మెయిల్ కాపీ పెట్టి, ఉన్నవాటితోనే పంపేయండి. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త: ఈలోగా ఆవిడ ఫోన్ చేసి ‘నాకు నేరుగా వేసేయండి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటా’ అంటే ఒప్పుకోకండి. మీరు వేసినదీ పోయి, గేట్‌వే కోసినదీ రాకపోతే ఒకే ఆర్డర్‌కి రెండుసార్లు చెల్లించినట్టవుతుంది. ఆవిడ నిజంగా వెనక్కి తీసుకుంటే తన బ్యాంకుకు రాసిన మెయిల్ కాపీ మీకు పంపమనండి.

ఆవిడ బ్యాంకు మీ ఆధారాలు ఒప్పుకోకపోతే ప్రీ ఆర్బిట్రేషన్ అనే రెండో విడత తగాదాకు వెళ్తుంది. ఆ తర్వాత వీసానే తేల్చే నెట్‌వర్క్ ఆర్బిట్రేషన్‌లో ఓడినవాళ్ల మీద పడే రుసుము వందల డాలర్లలో ఉంటుంది కాబట్టి ఈ మొత్తానికి అంత దూరం వెళ్లమని నేను చెప్పను. అక్కడ ఓడిపోయినా అది కోర్టు తీర్పు కాదు. అమ్మిన సరుకు ధర కోసం డెలివరీ తేదీ నుంచి మూడేళ్లలోపు సివిల్ దావా వేసుకోవచ్చు, ముందు లాయర్ నోటీసు ఇచ్చి. కోర్టులో మాత్రం వాట్సాప్ ప్రింటుకు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, ఒక భాగం నిపుణుడు సంతకం చేయాలి. బ్యాంకుకు ఇప్పుడు అది అక్కర్లేదు. కానీ ఆ మెసేజ్ వచ్చిన ఫోన్‌ను అమ్మేయకండి, చాట్ డిలీట్ చేయకండి.

చివరిగా కొరియర్ సంస్థ మీద ఉండే హక్కు. రోడ్డు రవాణా చట్టం, 2007లోని సెక్షన్ 16 ప్రకారం సరుకు పోయిందని దావా వేయాలంటే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లో రాతపూర్వక నోటీసు ఇచ్చి ఉండాలి. ఆ చట్టంలో కొరియర్ ఏజెన్సీలు కూడా వస్తాయి. మీకు ఆ గడువు డిసెంబర్ 2. ఇప్పుడే ‘పార్సిల్ పోయింది’ అని వాళ్లకు రాస్తే బ్యాంకుకు మీరు చెప్పినదానికి అడ్డం తిరుగుతుంది. బ్యాంకు నిర్ణయం కోసం చూడండి. నవంబర్ మధ్యకు కూడా తేలకపోతే, ‘డెలివరీ జరిగిందన్న మీ రికార్డును నమ్ముతున్నాం, అది తప్పని తేలితే ఆ నష్టానికి మీరు బాధ్యులు’ అనే మాటలతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి.